గుడి చరిత్ర మీద మూడు నిమిషాల వీడియో: శాసనం మాట, ఊరి మాట కలిసిపోకుండా చెప్పడం ఎలా (శ్రీముఖలింగం ఉదాహరణతో)

"మా ఊరి గుడి మీద చిన్న వీడియో చేద్దామనుకుంటున్నాం, ఏది చరిత్రో ఏది కథో తేలడం లేదు" అని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు రాసే బదులు, ఒక్క గుడిని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. గుడి శ్రీముఖలింగం, జలుమూరు మండలం, వంశధార ఒడ్డు. ఇక్కడ కథా శాసనమూ ఒకదాన్నొకటి తగులుకుని ఉంటాయి కాబట్టి ఇది నేర్చుకుంటే మిగతా గుళ్లకు ఇబ్బంది ఉండదు.

## 1. ముందు ఒక్క ప్రశ్న పెట్టుకోండి

మూడు నిమిషాల్లో "శ్రీముఖలింగం చరిత్ర" చెప్పలేరు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ, గాంగరాజుల వంశమంతా, శివరాత్రి, చక్రతీర్థ స్నానం అన్నీ కుక్కితే దేనికీ ఆధారం చెప్పే వ్యవధి ఉండదు, చివరికి అన్నీ ఒకే గొంతుతో చదివేసి ఊరుకుంటారు. కలిసిపోవడం మొదలయ్యేది అక్కడే.

మనం తీసుకునే ప్రశ్న ఇది: ఇప్పచెట్టులోంచి శివుడు వెలిశాడన్న కథ ఎంత పాతది?

గమనించండి, "నిజంగా వెలిశాడా" అని మనం అడగడం లేదు. దానికి వీడియోలో జవాబు లేదు, ఉండనక్కర్లేదు. "ఎంత పాతది" అన్నదానికి మాత్రం కాగితం మీద, కాదు, రాగిరేకు మీద జవాబుంది.

## 2. రెండు డబ్బాలు చాలవు, నాలుగు కావాలి

అందరూ చేసేది "వాస్తవం", "నమ్మకం" అని రెండు డబ్బాలు పెట్టడం. శ్రీముఖలింగం దగ్గర అది వెంటనే చెడిపోతుంది, ఎందుకంటే ఇప్పచెట్టు మాట శాసనంలోనే ఉంది. గాంగవంశపు రాజు అనంతవర్మ చోడగంగదేవుడు శక 1040లో, అంటే 1118 ప్రాంతంలో ఇచ్చిన రాగిశాసనంలో తన పూర్వీకుల సంగతులు చెబుతూ, కామార్ణవుడనే రాజు 'నగరం' అనే పట్టణంలో శివలింగానికి ఎత్తైన గుడి కట్టించాడనీ, ఆ లింగం మధూక వృక్షం నుంచి పుట్టింది కాబట్టి మధుకేశుడని పేరు పెట్టాడనీ రాయించాడు. మధూకమంటే మన ఇప్ప.

"చూశారా, శాసనంలోనే ఉంది, కాబట్టి నిజం" అని కొందరు, "రాజులు ఏవేవో రాయించుకుంటారు, కట్టుకథ" అని కొందరు. ఇద్దరూ తొందరపడుతున్నారు. ఆ రేకు రుజువు చేసేది ఒక్కటే: 1118 నాటికి ఈ కథ రాజాస్థానం దాకా వెళ్లేంతగా వాడుకలో ఉంది. అంతకుముందు ఏం జరిగిందన్నది ఆ రాజు చెప్పిన పాత మాట. ఆయన కళ్లతో చూసింది కాదు.

అందుకే మీ నోటుబుక్కులో నాలుగు వరసలు గీయండి:

- అప్పటి శాసనం: ఆ పని జరిగిన కాలంలోనే చెక్కింది. ఉదాహరణకు, ఫలానావాడు అఖండదీపానికి ఇంత ఇచ్చాడని గుడి రాతి మీద ఉన్నది.
- శాసనం చెప్పిన పాత మాట: తనకంటే ముందు కాలం గురించి శాసనం చెప్పేది. కామార్ణవుడి సంగతి ఇక్కడికి వస్తుంది.
- పండితుల అంచనా: శిల్పశైలిని బట్టి, ఊరి పేర్లను బట్టి, లిపిని బట్టి తేల్చింది.
- స్థలపురాణం, ఊరి మాట: పూజారులు, పెద్దలు చెప్పేది, గుడి దగ్గర అమ్మే చిన్న పుస్తకంలో ఉన్నది.

మీ స్క్రిప్టులో వచ్చే ప్రతి వాక్యం ఈ నాలుగింటిలో ఒకదాంట్లోకి వెళ్లాలి. ఎక్కడికీ వెళ్లని వాక్యాన్ని, ఎంత బాగున్నా, కొట్టేయండి.

## 3. శాసనాలు వెతకడం, చదవడం

సంస్కృతం, పాత తెలుగు లిపి రాకపోయినా ఫర్వాలేదు. ముఖలింగం గుడి శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో అయిదోదానిలో అచ్చయ్యాయి. ఆర్కైవ్ సైట్లలో `South Indian Inscriptions Vol 5` అని కొట్టి, లోపల `Mukhalingam` అని వెతకండి. చోడగంగదేవుడి రాగిశాసనాలు ఫ్లీట్ అనే పండితుడి ఇంగ్లీషు సారాంశంతో సహా `Indian Antiquary Vol 18`లో దొరుకుతాయి. అది చదవడం కొంచెం విసుగే, కానీ ఒక సాయంత్రం పెట్టుకుంటే సరిపోతుంది.

ఏ శాసనం దొరికినా అయిదు ప్రశ్నలడగండి:

- ఎవరు రాయించారు?
- ఏ సంవత్సరం, ఏ శకం?
- ఏం ఇచ్చారు, ఎవరికి?
- ఈ వాక్యం ఆనాటి సంగతా, ముందు తరాల సంగతా?
- ఈ రాయి లేదా రేకు గుడిలోనే ఉందా, వేరేచోట దొరికిందా?

నాలుగో ప్రశ్న దగ్గరే చాలామంది జారిపోతారు. శాసనం మీద 1118 అని ఉంటే అందులోని ప్రతి మాటా 1118 నాటి సాక్ష్యం అనుకుంటారు. దానంగా ఇచ్చిన ఊరి విషయంలో అది సరే. కానీ తాతముత్తాతల జాబితా విషయంలో కాదు.

ఇది పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. అదే రాజు ఇచ్చిన ఇంకో శాసనం పక్కన పెట్టి చూడండి. చోడగంగదేవుడిదే శక 1003 నాటి శాసనంలో, అంటే 1081లో, వంశావళి గుణమహార్ణవుడు అనే రాజుతో మొదలవుతుంది. అదే రాజు 37 ఏళ్ల తర్వాత 1118లో ఇచ్చినదానిలో వంశం చంద్రుడి దాకా, ఇంకా పైన విష్ణువు దాకా పోతుంది. మన కామార్ణవుడు, ఇప్పచెట్టు వచ్చేది ఈ పొడవాటి జాబితాలోనే. దీన్నిబట్టి కామార్ణవుడు లేనేలేడని అనకూడదు, ఆ పేరున్న రాజులు గాంగవంశంలో ఉన్నారు. ఆ గుడి ఆయనే కట్టించాడని ఖాయంగా అనకూడదు, అంతే.

ఇంకో ఉచ్చు ఉంది. ఆ శాసనంలో ఏ రాజు ఎన్నేళ్లు పాలించాడో కూడా రాసి ఉంటుంది. వాటిని వెనక్కి కూడుకుంటూ పోయి "గుడి సరిగ్గా ఫలానా సంవత్సరంలో కట్టారు" అని చెప్పే వీడియోలు కనిపిస్తాయి. జాబితానే అనుమానంగా ఉన్నప్పుడు కూడిక ఎంత సరిగ్గా చేసినా లాభం లేదు. కట్టడం కాలానికి శిల్పశైలి మీదే ఆధారపడాలి. పండితులు మధుకేశ్వరాలయాన్ని 8 నుంచి 10 శతాబ్దాల మధ్య పెడతారు. వీడియోలో అలాగే, మధ్యన అని, చెప్పండి.

### సంవత్సరం మార్చేటప్పుడు

శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. అయితే శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి, జనవరి నుంచి మార్చి వరకు పడే తేదీలకు 79 కలపాలి. చోడగంగదేవుడి పట్టాభిషేకమే చూడండి. శక 999కి 78 కలిపితే 1077. కానీ అది జరిగింది ఫిబ్రవరిలో, కాబట్టి 1078. శాసనంలో నెల లేకపోతే "1118 ప్రాంతంలో" అనండి, అది తప్పించుకోవడం కాదు.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు గాంగశకం. తొలి గాంగరాజుల రాగిరేకుల మీద శకవర్షం ఉండదు, గాంగశకం ఉంటుంది. అది సుమారు 498లో మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు, కానీ ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనేవాళ్లున్నారు. అలాంటి తేదీ ముందు "సుమారు" తప్పనిసరి.

## 4. ఊరి మాట రికార్డు చేయడం

శాసనాల మీద ఇంత కష్టపడి, ఊళ్లో పెద్దాయన దగ్గరికి వెళ్లేసరికి "కథ చెప్పండి తాతా" అని రెండు నిమిషాలు తీసుకుని వచ్చేస్తారు. ఈ పనికీ అంతే శ్రద్ధ కావాలి, ఎందుకంటే రాతి మీద రాసినది ఎక్కడికీ పోదు, ఇది పోతుంది.

శ్రీముఖలింగంలో రెండు కథలు గట్టిగా వినిపిస్తాయి. ఒకటి ఇప్పచెట్టు కథ. శబరుల నాయకుడికి ఇద్దరు భార్యలు, ఇప్పపూలు ఏరుకునే దగ్గర వాళ్లకు గొడవ, కోపంతో ఆయన చెట్టు నరికితే శివుడు కనిపించాడని. ఈ శబరులు శాపం తగిలిన గంధర్వులని కూడా చెబుతారు. రెండోది లింగం వెనకున్న పెద్ద మట్టి గోలెం కథ. పిల్లలు లేని ఒక కుమ్మరి కొడుకు పుడితే గోలెం ఇస్తానని మొక్కుకున్నాడు, చేసి తెస్తే అది గుమ్మంలో పట్టలేదు, తెల్లారి చూస్తే లోపల ఉంది.

ఇప్పుడు రెండూ మీ నాలుగు వరసల్లో పెట్టి చూడండి. లింగం ఇప్పచెట్టు నుంచి వచ్చిందన్న ముక్క రెండో వరసలో, నాలుగో వరసలో రెండు చోట్లా ఉంది. ఇద్దరు భార్యలు, గంధర్వులు, గోలెం మాత్రం నాలుగో వరసలోనే. అంటే ఒకే కథలో ఒక ముక్కకు 900 ఏళ్ల వయసు చూపించగలం, మిగతా ముక్కలకు చూపించలేం. మన వీడియోకి అసలు వెన్నెముక ఇదే, దీన్ని వదలకండి.

రికార్డు చేసేటప్పుడు:

- ముందే చెప్పండి, ఇది వీడియోలో వస్తుంది, మీ ముఖం చూపించమంటారా, గొంతు చాలా అని.
- కథ పూర్తయ్యాక మాత్రమే ప్రశ్నలు. మధ్యలో "శాసనంలో అలా లేదు కదండీ" అనకండి.
- ఒక్క ప్రశ్న తప్పకుండా: "ఇది మీకు ఎవరు చెప్పారు?" "మా మామ్మ చెప్పేది బావూ" అనడానికి, "గుడి పుస్తకంలో ఉంది కదా" అనడానికి చాలా తేడా ఉంది. రెండోది ఊరి మాటలా వినిపిస్తున్నా, అచ్చుపుస్తకం నుంచి తిరిగి ఊళ్లోకి వచ్చినది కావచ్చు.
- ఇంకో వీధిలో, ఇంకో ఇంటిపేరు వాళ్ల దగ్గర అదే కథ మళ్లీ వినండి. తేడాలు వస్తే ఒకదాన్ని సరైనదిగా ఎంచకండి, రెండూ రాసుకోండి.
- వాళ్ల యాసను దిద్దకండి. మన శ్రీకాకుళం మాటను పుస్తకం తెలుగులోకి మార్చి కింద రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

## 5. స్క్రిప్టు

మామూలు వేగంతో చదివితే తెలుగులో నిమిషానికి నూరు మాటలు దాటడం కష్టం. కాబట్టి మూడు నిమిషాలకు 270 మాటలు పెట్టుకుని, మధ్యలో ఊపిరి తీసుకునే జాగా వదలండి. ముందే ఫోన్‌లో ఒకసారి గట్టిగా చదివి సమయం చూడండి.

వరస ఇలా ఉంటే బాగుంటుంది:

0:00 నుంచి 0:20. ప్రశ్న. "శ్రీముఖలింగంలో శివుడు ఇప్పచెట్టులోంచి వెలిశాడని చెప్పుకుంటారు. ఈ మాట ఎప్పటి నుంచి ఉంది?"

0:20 నుంచి 1:10. ఊరి మాట, ఊరివాళ్ల గొంతులోనే. దీన్ని ముందు పెట్టండి. శాసనం ముందు చెప్పి తర్వాత కథ పెడితే, అసలు సంగతి అయిపోయాక మిగిలిన ముచ్చటలా కనిపిస్తుంది, చెప్పినవాళ్లకు చిన్నతనం అవుతుంది.

1:10 నుంచి 2:00. రాగిరేకు. "చోడగంగదేవుడు 1118 ప్రాంతంలో ఇచ్చిన రాగిశాసనంలో ఈ ఇప్పచెట్టు మాట ఉంది. తన పూర్వీకుడు కామార్ణవుడు ఈ దేవుడికి గుడి కట్టించాడని అందులో రాయించాడు. అదే రాజు 1081లో ఇచ్చిన శాసనంలో వంశావళి ఇంత వెనక్కి పోదు. కాబట్టి గుడి ఎవరు కట్టించారన్నది ఈ రేకుతో తేలదు. ఇప్పచెట్టు కథ మాత్రం కనీసం 900 ఏళ్ల నాటిదని తేలింది."

2:00 నుంచి 2:35. పండితుల అంచనా. శైలిని బట్టి కాలం, ఒక వాక్యం. గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనన్న సంగతి, రెండు వాక్యాలు. గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఈ చుట్టుపక్కలే, పర్వతాలపేటలో. ఆయన ఇక్కడి శాసనాలు చదివి ముఖలింగమే కళింగనగరమని వాదించారు, ఎక్కువమంది పండితులు ఒప్పుకున్నారు. పక్కనే నగరికటకం అనే ఊరు కూడా ఉంది. ఇది బలమైన అంచనాయే, అయినా అంచనా అనే చెప్పాలి.

2:35 నుంచి 3:00. గోలెం. "దీనికి శాసనం లేదు, ఊరి మాటే ఉంది" అని చెప్పి, చెప్పినాయన గొంతుతో ఒక వాక్యం వేసి ఆపేయండి.

క్రియాపదాల దగ్గర జాగ్రత్త. ఆధారమున్నదానికి "ఇచ్చాడు", "రాయించాడు" అని సూటిగా. శాసనం చెప్పిన పాత మాటకు "కట్టించాడని రాయించాడు". ఊరి మాటకు "చెప్పుకుంటారు", "అంటారు". "వెలిశాడట" అని సాగదీస్తే మాత్రం వెక్కిరింతలా వినిపిస్తుంది, వాడకండి.

## 6. షూటింగ్

శ్రీముఖలింగం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, పూజలు జరిగే గుడి కూడా. ట్రైపాడ్, లైట్లు, డ్రోన్ లాంటివి వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోండి. చేతిలో ఫోన్‌తో తీసినా గర్భగుడిలో పూజారిని అడగకుండా కెమెరా ఎత్తకండి. వద్దంటే ద్వారం చెక్కడాలు, ప్రాకారం, బయటి గోడ మీది శిల్పాలు చాలు, కొదవేం లేదు.

రాతి మీది అక్షరాలు కనిపించడం లేదని సుద్ద, పిండి, నూనె రాయకండి, నీళ్లు కూడా చల్లకండి. ఉదయంపూట ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీయండి. నీడలో ఉంటే స్నేహితుడి చేత ఫోన్ టార్చ్‌ను గోడకు దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టించండి. అక్షరాల లోతులో నీడ పడి దానంతటదే పైకి తేలుతుంది.

బొమ్మ కూడా అబద్ధం చెప్పగలదు. మీరు 1118 నాటి రాగిరేకు గురించి మాట్లాడుతుంటే తెర మీద గుడి స్తంభం మీది శాసనం కనిపిస్తే, చూసేవాళ్లు అదే ఇదనుకుంటారు. రేకు బొమ్మ దొరక్కపోతే, స్తంభం చూపిస్తూనే కింద "ఇది గుడిలోని వేరే శాసనం" అని రాయండి. గుడిలోని శాసనాల్లో చాలా భాగం అఖండదీపాలకు ఇచ్చిన దానాలు, ఆ సంగతే రాస్తే ఇంకా మంచిది.

## 7. ఎడిటింగ్

నాలుగు వరసలకు నాలుగు పట్టీలు తయారు చేయండి, తెర పైమూలలో: "అప్పటి శాసనం", "శాసనం చెప్పిన పాత మాట", "పండితుల అంచనా", "ఊరి మాట". రంగులు వేరుగా ఉండాలి, కానీ రంగు మీదే ఆధారపడకండి, అక్షరాలు ఉండాల్సిందే.

పట్టీ రెండు సెకన్లు మెరిసి పోకూడదు. ఆ భాగం అయ్యేదాకా ఉండాలి. కారణం వాట్సాప్. మీ మూడు నిమిషాల్లోంచి ఎవరో ఇరవై సెకన్లు కోసి స్టేటస్ పెడతారు, అప్పుడు మీ ముందుమాట, వివరణ ఏదీ వెంట రాదు, తెర మీదున్న పట్టీ ఒక్కటే వెళుతుంది.

సంగీతం విషయంలో ఒక్క మాట. ఊరి కథకు వేణువు, శాసనానికి డప్పుల మోత అలా పెట్టకండి. మీరు దేన్ని నమ్ముతున్నారో సంగీతం బయటపెట్టేస్తుంది. మొత్తానికి ఒకటే పలచటి నేపథ్యం, లేదా గుడి గంట, వంశధార గాలి, అక్కడి చప్పుళ్లు.

## 8. ఎక్కువగా కనిపించే తప్పులు, సరిచేసే తీరు

"ఈ గుడికి వేల ఏళ్ల చరిత్ర ఉంది." ఏ వరసలోకీ వెళ్లదు. "గుడి కట్టడం 8 నుంచి 10 శతాబ్దాల మధ్యదని పండితుల అంచనా" అని మార్చండి.

"చరిత్రకారులు కూడా ఒప్పుకున్నారు." ఏ చరిత్రకారుడు, దేన్ని ఒప్పుకున్నాడు? కళింగనగరం విషయంలో అయితే గిడుగు వారి పేరు చెప్పండి. పేరు లేకపోతే వాక్యం తీసేయండి.

గుడి దగ్గరి బోర్డును ఆధారంగా చూపడం. బోర్డు ఎవరు రాశారో, దేని ఆధారంగా రాశారో తేలేదాకా అది నాలుగో వరసే. ప్రభుత్వ బోర్డయితే మూడో వరస, అంతకంటే పైకి పోదు.

శాసనం లేదు కాబట్టి అబద్ధమనడం. గోలెం కథకు శాసనం లేదు, అంతవరకే మనకు తెలిసింది. కుమ్మరి మొక్కుబడి గురించి రాయి చెక్కించేదెవరు?

## 9. బయట పెట్టే ముందు

- గొంతు ఆపేసి చూడండి. పట్టీలు మాత్రమే చదివితే ఏది ఏదో తెలుస్తోందా?
- తెర చూడకుండా వినండి. క్రియాపదాలతోనే తేడా తెలుస్తోందా?
- ఏ ఇరవై సెకన్లు కోసినా పట్టీ ఉందా?
- ప్రతి సంవత్సరం పక్కన శకం లెక్క మళ్లీ చేశారా?
- కథ చెప్పినవాళ్లకు వాళ్ల భాగం చూపించారా?

పెట్టిన తర్వాత "మా ఇంట్లో ఇంకోలా చెబుతారు" అని కామెంట్లు వస్తాయి. వాటితో వాదించకుండా, ఎవరి దగ్గర విన్నారో అడిగి మీ నాలుగో వరసలో చేర్చుకోండి. "ఈ సంవత్సరం తప్పు" అని ఎవరైనా శాసనం పేరు చెప్పి పట్టుకుంటే మాత్రం, సంపుటం తీసి చూసి, వాళ్లన్నది సరైతే పాత అంకె, కొత్త అంకె రెండూ రాసి ఆ సవరణను కామెంట్లలో అన్నిటికంటే పైన పిన్ చేయండి. వీడియోలో ఆ అంకె పట్టీ మీద పడి ఉంటే, పిన్ చాలదు, ఆ ముక్క కోసి కొత్తది వేసి మళ్లీ ఎక్కించాలి.